ఎలక్షన్ డ్యూటీ పడింది, నెలన్నర కింద స్టెంట్ వేసినారు – ట్రైనింగ్ వాయిదా అడగాల్నా, డ్యూటీనే తీసేయమనాల్నా?

హంద్రీ_ఒడ్డు_సార్ · 9 ఏప్రిల్ 2024, రాత్రి 9:40

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పండగ పూట పచ్చడి నోట్లో పెట్టుకుంటా ఉంటే ఫోన్ మోగింది, చూస్తే మా టీచర్ల గ్రూపులో పెద్ద పీడీఎఫ్, అందులో నా పేరు. ఓపీఓ అంట, అంటే బూతులో పని చేసే పోలింగ్ సిబ్బందిలో ఒకణ్ణి. మే 13 పోలింగ్, ఫస్ట్ ట్రైనింగ్ 19న శుక్రవారం. నాది కర్నూలు జిల్లా, ఎస్జీటీని, వయసు 51. ఫిబ్రవరి 24న నాకు యాంజియోప్లాస్టీ చేసి ఒక స్టెంట్ వేసినారు, ఇంకా రెండు నెలలు కూడా కాలేదు, మెట్లెక్కితే ఆయాసం వస్తాది. దానికి తోడు 19వ తేదీనే డాక్టర్ దగ్గర రివ్యూ, ఎకో తీయాలి, ఆ అపాయింట్‌మెంట్ తప్పితే మళ్ళా మే లోనే దొరికేది.

ఇంకో సంగతేందంటే మా ఇంటామె కూడా టీచరే, ఆమెకి ఏపీఓ, అంటే అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది. పిల్లోడు ఆరో తరగతి, మా అమ్మకి 78.

ఇప్పుడు నేను అడగాల్సింది ఏంది? ట్రైనింగ్ తేదీ మార్చమని రాయాల్నా, లేక డ్యూటీనే క్యాన్సిల్ చేయమని రాయాల్నా, రెండూ ఒకే లెటర్లో రాస్తే పోతాదా? మా హెడ్‌మాస్టర్ అయితే "మెడికల్ లీవ్ పెట్టి పండుకో సారూ, ఎవురు పట్టించుకుంటారు" అంటాండాడు. ధైర్యం చాలడం లేదు.

---

నల్లమల_గాలి · 9 ఏప్రిల్, రాత్రి 10:15

మీ హెడ్‌మాస్టర్ చెప్పిందే కరెక్ట్ సార్. లీవ్‌లో ఉన్న మనిషికి డ్యూటీ ఎట్లేస్తారు? మెడికల్ సర్టిఫికెట్ జత చేసి ఒక నెల లీవ్ పెట్టండి, శాంక్షన్ చేసిన కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. 2019లో మా స్కూల్లో ఒకాయన ఇట్లే చేసినాడు, ఏమీ కాలే.

---

కడప_కారందోశ · 9 ఏప్రిల్, రాత్రి 10:22

ఏమీ కాలేదంటే ఆయన పేరు రిజర్వులో పోయి ఉంటాది అన్నా. మా బ్యాంకులో ఒకాయన అట్లే ధైర్యంగా ఇంట్లో పండుకున్నాడు, షోకాజ్ వచ్చినాక ఆయన బీపీ చూడాల్సింది, అప్పుడు నిజంగానే మెడికల్ లీవ్ పెట్టినాడు.

---

డల్లాస్_ప్రొద్దుటూరోడు · 9 ఏప్రిల్, రాత్రి 11:50

బ్రదర్, టెన్షన్ పడొద్దు, చాలా సింపుల్. నాకూ పోయిన ఏడాది సమన్ వచ్చింది, సరిగ్గా మా ప్రాజెక్ట్ గో-లైవ్ వారంలో. సమన్ మీద ఒక నంబర్ ఉంటుంది, కౌంటీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి కొత్త తేదీ ఎంచుకుంటే అయిపోతుంది. ఆఫీసులో పని ఉందంటే పూర్తిగా తీసెయ్యరు, తేదీ మాత్రం మారుస్తారు. నేను మార్చుకున్న తేదీకి పోయినా, నన్ను సెలెక్ట్ చెయ్యలేదు, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నా. మీరూ ఆన్‌లైన్‌లో ట్రై చెయ్యండి.

---

కడప_కారందోశ · 9 ఏప్రిల్, రాత్రి 11:58

అన్నా అది జ్యూరీ డ్యూటీ. ఇక్కడ అడిగేది ఎలక్షన్ డ్యూటీ. మన దేశంలో జ్యూరీ ఎత్తేసి 50 ఏండ్లు దాటింది. మీకు ప్రొద్దుటూరు మర్చిపోయినట్టుందే.

---

డల్లాస్_ప్రొద్దుటూరోడు · 10 ఏప్రిల్, తెల్లవారుజాము 12:10

ఓహ్ సారీ, టైటిల్లో డ్యూటీ, వాయిదా అని చూసి రాసేసినా. అయినా మీకు పోలింగ్ తేదీ ఒకటే కదా, దాన్ని వాయిదా ఎట్లా వేస్తారు? మా దగ్గర ప్రతి వారం కేసులుంటాయి కాబట్టి ఈ వారం కాకుంటే ఇంకో వారం అంటారు.

---

పాత_ఫైళ్ళు · 10 ఏప్రిల్, ఉదయం 6:35

డల్లాస్ అబ్బాయి పొరపాటున అడిగినా అసలు ముడి అక్కడే ఉంది. నేను రెవెన్యూలో పని చేసి సూపరింటెండెంట్‌గా రిటైరైనవాణ్ణి, మూడు ఎలక్షన్లకి కలెక్టరేట్‌లో ఈ డ్యూటీలు వేసే మ్యాన్‌పవర్ సెల్లులోనే కూచున్నా, ఇట్లాంటి అర్జీలు బస్తాల్లెక్కన చూసినా. నిదానంగా చెబుతా.

పోలింగ్ డ్యూటీకి వాయిదా అనేది లేదు. పోలింగ్ ఆ ఒక్కరోజే. మీరు అడగగలిగేది రెండు వేరే వేరే సంగతులు. ఒకటి, ట్రైనింగ్‌కి ఆ రోజు రాలేను, ఇంకో బ్యాచ్‌లో కూచుంటా అనేది. ఇది చిన్న విషయం, రాలేనివాళ్ళ కోసం ఎట్లాగూ ఇంకో రోజు పెడతారు, ముందే చెబితే ఒప్పుకుంటారు. రెండోది, నా ఆరోగ్యం బాలేదు, డ్యూటీ నుంచే తప్పించండి లేదా తేలిక పని ఇవ్వండి అనేది. ఇది జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టరే తేల్చాలి, మెడికల్ బోర్డు మాట మీద తేలుస్తారు.

ఈ రెండూ ఒకే కాగితంలో రాసినారా, చచ్చినట్టే. సెల్లులో కూచున్న గుమాస్తా మొదటి లైన్ చూసి "ట్రైనింగ్ మార్పు" కట్టలో పడేస్తాడు, మీ స్టెంట్ సంగతి మూడో పేరాలో ఉండిపోతాది, ఎవరూ చదవరు. నేనే అట్లా పడేసిన కాగితాలున్నాయి, దాచుకోవడమెందుకు. రోజుకి నాలుగైదు వందలు వస్తాయి సార్ ఆ వారంలో.

రెండు అర్జీలు రాయండి. రెండింటికీ మీ ఆర్డర్ కాపీ పిన్ను చేయండి, ఆర్డర్లో మీ పేరు పక్కన ఉన్న నంబర్ అర్జీ పైనే రాయండి. ఆ నంబర్ లేకపోతే కంప్యూటర్లో మీ పేరు దొరకదు, ఒక్క జిల్లాలో ఒకే పేరుతో పది మంది టీచర్లుంటారు.

ఇంక మెడికల్ లీవ్. నోటిఫికేషన్ వచ్చే రోజు నుంచి రిజల్ట్స్ వచ్చేదాకా పోలింగ్ ఆఫీసర్లు ఎన్నికల సంఘం డెప్యుటేషన్ మీద ఉన్నట్టు లెక్క. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం, 28ఏ. నోటిఫికేషన్ 18న. ఆ తర్వాత మీ హెడ్‌మాస్టర్ ఇచ్చే లీవ్‌కి ఈ విషయంలో విలువ లేదు. మీరు లీవ్‌లో ఉన్నారని కంప్యూటర్‌కి తెలీదు కూడా.

---

నల్లమల_గాలి · 10 ఏప్రిల్, ఉదయం 8:02

సరే సార్ మీరు పెద్దవాళ్ళు, కాదనను. కానీ పోకపోతే జైలే అని భయపెడతారు కదా, అది నిజమా? మూడు నెలలు అని విన్నా.

---

పాత_ఫైళ్ళు · 10 ఏప్రిల్, ఉదయం 8:40

మూడు నెలల మాట ఓటర్ల జాబితా పనికి. అది 1950 చట్టం, బీఎల్ఓలు వగైరాలకి. అక్కడ తక్కువలో తక్కువ మూడు నెలలు, ఎక్కువంటే రెండేళ్ళు. పోలింగ్ డ్యూటీకి 1951 చట్టం 134, దాంట్లో ఉండేది 500 రూపాయల దాకా జరిమానా. అంతే. కానీ పోలీసులు నేరుగా కేసు రాసుకోవచ్చు, దాని కంటే ముందు సస్పెన్షన్ ఆర్డర్ వచ్చేస్తాది, అది మీ సర్వీస్ పుస్తకంలో ఎక్కుతాది. 500 చూసి తేలిగ్గా తీసుకోవద్దు. అదే సెక్షన్లో "సరైన కారణం లేకుండా" అనే మాట కూడా ఉంది, గుండె ఆపరేషన్ సరైన కారణమే, కానీ అది ముందే కాగితం మీద ఉండాల, తర్వాత చెబితే కథ అంటారు.

---

బీఎల్ఓ_బాధితుడు · 10 ఏప్రిల్, ఉదయం 9:12

సార్ నేను బీఎల్ఓ, నాకూ మోకాళ్ళ నొప్పులు, మూడేళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుతాండా, నన్ను మార్చమని అడిగితే వేరే మనిషి లేడు అంటారు. ఈ మెడికల్ బోర్డుకి నేను కూడా పోవచ్చా? నా కాల్ల ఎక్స్‌రే ఉంది. మా ఇన్‌ఛార్జికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

---

పాత_ఫైళ్ళు · 10 ఏప్రిల్, ఉదయం 9:30

మీ దారి వేరు సామీ. మిమ్మల్ని పెట్టింది నియోజకవర్గంలో ఓటర్ల జాబితా చూసే అధికారి ఈఆర్ఓ, మార్చేది కూడా ఆయనే. అక్కడికే రాయండి. ఈ థ్రెడ్‌లో కలపొద్దు, వేరే థ్రెడ్ తెరవండి, నేను అక్కడికొస్తా.

---

అనంతపురం_హిందీ_టీచర్ · 10 ఏప్రిల్, మధ్యాహ్నం 1:25

సార్ మీ ఇంట్లో ఇద్దరికీ పడింది అన్నారు కదా, అది కూడా వాడుకోండి. 2019లో మా ఆయనకీ నాకూ ఇద్దరికీ పడింది, పాపకి అప్పుడు మూడేళ్ళు, ఇంట్లో మా అత్తమ్మ మంచం మీద. ఇద్దరమూ పోతే వాళ్ళని ఎవరికి అప్పజెప్పాలని రాసిస్తే నాది తీసేసినారు, ఆయన పోయినాడు. కానీ మేము ఇద్దరం కలిసి ఒకే అర్జీ పెట్టినాం, ఇద్దరి ఆర్డర్ కాపీలు, రేషన్ కార్డు, పాప బర్త్ సర్టిఫికెట్ పెట్టినాం. మొదట నేనొక్కదాన్నే రాస్తే "మీ ఆయనకి పడిందని ప్రూఫ్ ఏది" అన్నారు.

మీకైతే ఒక ఇబ్బంది ఉంది. భార్యాభర్తల కారణంతో మీది తీసేస్తే సరే. కానీ వాళ్ళు ఆమెది తీసేసి మిమ్మల్ని ఉంచినా అర్జీ ప్రకారం తప్పు కాదు! "ఇద్దర్లో ఒకరిని" అని రాస్తే ఎవరిని అనేది వాళ్ళిష్టం. కాబట్టి మీ పేరే రాయండి.

---

హంద్రీ_ఒడ్డు_సార్ · 10 ఏప్రిల్, సాయంత్రం 5:50

మేడమ్ ఈ సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్. మా ఇంటామె అయితే "నేను పోతాలే, నువ్వు ఇంట్లో ఉండు, కానీ పిల్లోడికి అన్నం వండేది నువ్వే" అంది.

పాత ఫైళ్ళు సార్, ఆ రెండో అర్జీ ఎట్ల రాయాలో ఒక నమూనా పెడతారా? నేను రాస్తే ఉత్తరం మాదిరి అయిపోతాది.

---

పాత_ఫైళ్ళు · 10 ఏప్రిల్, రాత్రి 8:15

రాసుకోండి. ఎంత తక్కువ ఉంటే అంత మంచిది:

"జిల్లా ఎన్నికల అధికారి గారికి. విషయం: అనారోగ్యం వల్ల ఓపీఓ డ్యూటీ నుంచి మినహాయింపు లేదా తేలిక పని కోరుట. ఆర్డర్ నంబర్ ఇది, వరుస సంఖ్య ఇది. నాకు 24-2-2024న యాంజియోప్లాస్టీ చేసి ఒక స్టెంట్ వేశారు. డిశ్చార్జి సమ్మరీ, యాంజియో రిపోర్టు, ప్రస్తుతం వాడుతున్న మందుల చీటీ జతపరిచాను. మెడికల్ బోర్డు ముందు హాజరు కావడానికి సిద్ధంగా ఉన్నాను. ఉత్తర్వులు వచ్చేవరకు శిక్షణకు హాజరవుతాను."

ఆ చివరి రెండు వాక్యాలు ముఖ్యం. "బోర్డుకి వస్తా" అన్నవాణ్ణి దొంగ అని ఎవరూ అనుకోరు. "ఉత్తర్వులు వచ్చేవరకు వస్తా" అన్నది మిమ్మల్ని కాపాడేది. అర్జీ పెట్టినంత మాత్రాన డ్యూటీ పోదు, వాళ్ళు జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టు కూడా కాదు.

ఎంఈఓ ద్వారా పంపండి, అది పద్ధతి. అడ్వాన్స్ కాపీ ఒకటి మీరే తీసుకపోయి కలెక్టరేట్‌లో ఇవ్వండి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు కొట్టించుకోండి.

---

డాక్టరమ్మ_కర్నూలు · 10 ఏప్రిల్, రాత్రి 10:05

నేను ఇట్లాంటి బోర్డులో ఒకసారి కూర్చున్నా, మా వైపు నుంచి ఒక మాట. ప్రైవేటు డాక్టర్ రాసిన "నెల రోజులు విశ్రాంతి అవసరం" అనే చీటీలు ఒక రోజులో నూటికి పైగా చూస్తాం, వాటిని చూసి ఏం నిర్ణయించగలం చెప్పండి. మాకు కావాల్సింది ఏ తేదీన ఏం చేశారు, ఏ రక్తనాళంలో స్టెంట్ వేశారు, ఇప్పుడు గుండె ఎంత పంపు చేస్తోంది. కాబట్టి ఎకో చాలా ముఖ్యం. మీ రివ్యూ 19నే అయితే ట్రైనింగ్ మార్చుకుని ఎకో చేయించుకోండి, బోర్డు దాకా ఆ రిపోర్టు మీ చేతిలో ఉంటే మంచిది.

ఇంకోటి, మేము "డ్యూటీ రద్దు" అని రాయం. ఫిట్, అన్‌ఫిట్, లేదా ఫలానా పనులకి మాత్రమే ఫిట్ అని రాస్తాం. తీసేయడం, ఉంచడం కలెక్టర్ గారి పని. చాలా మంది బయటికొచ్చి "బోర్డు తీసేసింది" అనుకుని ఇంటికి పోతారు, అదే తప్పు.

ఆపరేషన్ అయిన ఏడాది లోపు రెండు రకాల రక్తం పలచబడే మందులు వాడుతుంటారు కదా, అవి ఒక్క పూట కూడా మానొద్దు. బోర్డు దగ్గర క్యూలో నిలబడి మందులు మర్చిపోయినవాళ్ళని చూశాను.

---

కడప_కారందోశ · 11 ఏప్రిల్, ఉదయం 10:30

నాదీ ఒకటి చెప్తా పనిలో పనిగా. ఆరోగ్యం కాదు, ఉద్యోగం సంగతి. మా పల్లె బ్రాంచిలో ఆఫీసర్లు ఇద్దరమే, ఇద్దరికీ పీఓ, అంటే ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది. ఇద్దరం పోతే తాళాలు ఎవరి దగ్గర ఉండాలి? క్యాష్ సేఫ్‌కి రెండు తాళాలు, రెండూ మావే. మా రీజినల్ ఆఫీసు లెటర్ ఇస్తాం అంటాంది. పోతాదా?

---

పాత_ఫైళ్ళు · 11 ఏప్రిల్, ఉదయం 11:20

పని ఒత్తిడి అని రాస్తే పోదు, అందరికీ పని ఉంటాది. కానీ మీది పని ఒత్తిడి కాదు, సేఫ్ తాళాలు. "ఇద్దర్లో ఒకరిని ఉంచండి, ఫలానా ఆఫీసర్ పోవడానికి అభ్యంతరం లేదు" అని పేరుతో సహా రాస్తే చాన్సు ఉంది. పోయేవాళ్ళ పేరు ఇవ్వకుండా ఇద్దరినీ తీసేయమంటే చదవరు. నిజానికి డేటా అడిగినప్పుడే మీ బ్యాంకు ఒక్కరి పేరే ఇచ్చి ఉండాల్సింది. మీ బ్రాంచి ఆలస్యానికి కలెక్టర్‌ని అనేదేం లేదు.

---

కడప_కారందోశ · 11 ఏప్రిల్, ఉదయం 11:24

మా వాళ్ళు డేటా అడిగితే ఉన్న స్టాఫ్ అందరి పేర్లూ ఎక్సెల్‌లో పెట్టి పంపినారు సార్, అటెండర్ పేరు కూడా.

---

హంద్రీ_ఒడ్డు_సార్ · 16 ఏప్రిల్, రాత్రి 8:30

అప్‌డేట్. 11వ తేదీ రెండు అర్జీలూ ఎంఈఓ ఆఫీసులో ఇచ్చినా (మండలం పేరు రాయను). ఈరోజు ఫోన్ చేస్తే "ఏ అర్జీ సార్?" అన్నారు. రెండూ అక్కడే టేబుల్ మీద ఉన్నాయంట, పైకి పోలే. నయం కలెక్టరేట్‌లో అడ్వాన్స్ కాపీలు ఇచ్చి స్టాంపు వేయించుకున్నా, పెద్దాయన మాట విని. ట్రైనింగ్ మార్పు మాత్రం ఒప్పుకున్నారు, 19న కాకుండా 22న అంట, ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. మెడికల్ బోర్డుకి 23న పెద్దాసుపత్రికి రమ్మన్నారు.

---

నల్లమల_గాలి · 16 ఏప్రిల్, రాత్రి 9:05

బోర్డుకి రమ్మన్నారంటే 22 ట్రైనింగ్‌కి ఎందుకు సార్ పోవడం, ఒక రోజు ఆగితే పోయేదానికి.

---

పాత_ఫైళ్ళు · 16 ఏప్రిల్, రాత్రి 9:40

పోవాల. బోర్డు అన్‌ఫిట్ అని రాసినా ఆ కాగితం మీ పేరు దాకా చేరడానికి టైమ్ పడతాది. ర్యాండమైజేషన్, అంటే కంప్యూటర్ లాటరీ మాదిరి డ్యూటీలు పంచడం, మూడుసార్లు జరుగుతాది. మొదటిది అయిపోయింది, దాంట్లోనే మీ పేరు పడింది. రెండోదానిలో ఏ నియోజకవర్గం, ఎవరెవరు ఒక టీమ్ అనేది పడతాది, అది అబ్జర్వర్ ముందర చేస్తారు. మూడోది సామాను తీసుకునేటప్పుడు, ఏ బూతు అనేది అప్పుడే తెలుస్తాది. రెండోది కాకముందు పేరు తీసేయడం ఒక క్లిక్కు పని. రెండోది అయినాక మిమ్మల్ని తీస్తే టీమ్‌లో ఖాళీ, రిజర్వు నుంచి ఒకరిని పెట్టాల. అప్పుడు ఎవరికీ మనసు రాదు. కాబట్టి మీ బోర్డు కాగితం ఆ లోపల చేరేట్టు చూసుకోండి. అంతదాకా ట్రైనింగ్‌లో మీ సంతకం ఉండాల.

---

హంద్రీ_ఒడ్డు_సార్ · 23 ఏప్రిల్, సాయంత్రం 6:20

బోర్డు అయ్యింది. 19న ఎకో తీయించుకుంటే ఈఎఫ్, అంటే గుండె పంపు చేసే శాతం, 42 వచ్చింది, ఆ రిపోర్టు చూడంగానే ఇద్దరు డాక్టర్లూ వేరే ప్రశ్నలు తగ్గించినారు. డాక్టరమ్మ చెప్పినట్టే. నా ముందర ఒకాయన "గుండె జబ్బు" అని ఒక్క చీటీ తెచ్చినాడు, ఎప్పుడు, ఏం చేశారు అంటే చెప్పలేకపోయినాడు, ఆయనకి ఫిట్ రాసినారు. పాపం నిజంగా ఉందో లేదో నాకు తెలీదు, ఆయన మొహం మాత్రం బాగోలే.

నాకు రాసింది: రాత్రిపూట డ్యూటీ, దూర ప్రయాణం, బరువులు మోసే పని వద్దు, కూచునే పనికి ఫిట్.

అంటే నన్ను తీసేసినట్టా, తీసేయనట్టా?

---

పాత_ఫైళ్ళు · 23 ఏప్రిల్, రాత్రి 7:10

తీసేయలే. కానీ ఓపీఓగా పంపడం కుదరదు అని రాసినట్టే. ఓపీఓ అంటే ముందురోజే సామానుతో బస్సెక్కి బూతుకి పోవాల, అక్కడే రాత్రి పండుకోవాల, పొద్దున ఐదున్నరకి మాక్ పోల్, ఏడింటి నుంచి సాయంత్రం ఆరు దాకా పోలింగ్, ఆ తర్వాత క్యూలో ఉన్నవాళ్ళందరికీ స్లిప్పులు, సీళ్ళు, ఫారాలు, మళ్ళా బస్సు. ఈ ఎండల్లో. అది కూచునే పని కాదు. ఈ కాగితం కాపీ తీసుకుని రేపే సెల్లులో ఇవ్వండి, "డిస్ట్రిబ్యూషన్ సెంటర్ కౌంటర్ లాంటి పగటి పని ఇవ్వండి" అని మీరే అడగండి. అడిగినవాడికి పని దొరుకుతాది, అడగనివాడి ఫైలు అట్లే ఉంటాది.

---

అనంతపురం_హిందీ_టీచర్ · 23 ఏప్రిల్, రాత్రి 8:45

సార్ 22న ట్రైనింగ్‌లో పోస్టల్ బ్యాలెట్ ఫారం 12 రాయించుకున్నారా? ఉంటే అది గుర్తుపెట్టుకోండి. మా స్కూల్ టీచర్ ఒకామె ఫారం 12 ఇచ్చేసినాక డ్యూటీ క్యాన్సిల్ అయింది, ఆమె సంబరంగా మా ఊరి బూతుకి పోతే లిస్టులో పేరు పక్కన పీబీ అని ఉంది, ఓటు వేయనీయలే.

---

హంద్రీ_ఒడ్డు_సార్ · 23 ఏప్రిల్, రాత్రి 9:00

ఇచ్చినా మేడమ్! అందరూ రాస్తాంటే నేనూ రాసిచ్చినా. ఇప్పుడేంది?

---

పాత_ఫైళ్ళు · 23 ఏప్రిల్, రాత్రి 9:25

ఏం లేదు, ఫెసిలిటేషన్ సెంటర్లో పోస్టల్ బ్యాలెట్ వేసేయండి. డ్యూటీ మారినా మీరు ఇంకా ఎన్నికల పనిలోనే ఉన్నారు. సెంటర్ తేదీలు చూసుకోండి, తర్వాత వస్తా అంటే కుదరదు. బూతుకి మాత్రం పోవద్దు.

---

డల్లాస్_ప్రొద్దుటూరోడు · 24 ఏప్రిల్, ఉదయం 7:15

ఈ థ్రెడ్ రోజూ చదువుతున్నా. మాకు వెబ్‌సైట్‌లో రెండు క్లిక్కులు, మీకు ఇంత ఉందా అనిపించింది. కానీ ఒకటి, మా దగ్గర మీ వైపు మాట వినే మనిషి ఎవరూ ఉండరు, స్క్రీన్ ఏం చెబితే అదే. ఎకో రిపోర్టు చూసి డాక్టర్ తల ఊపడం లాంటిది లేదు.

---

హంద్రీ_ఒడ్డు_సార్ · 4 మే, రాత్రి 9:50

ఇంకా మారలేదు. సెకండ్ ట్రైనింగ్ లిస్టులో కూడా ఓపీఓ అనే ఉంది. 24న ఇచ్చిన కాగితానికి స్టాంపు ఉంది, జవాబు లేదు. సెల్లుకి పోతే ఒకాయన "మీ పేరు ఎక్కింది సార్ లిస్టులో" అన్నాడు, ఏ లిస్టులో అంటే చెప్పలే. ఎండకి తిరిగి తిరిగి నాకే భయమైంది, ఇంటికొచ్చి పండుకున్నా.

---

పాత_ఫైళ్ళు · 4 మే, రాత్రి 10:20

మీరు ఎండలో తిరగొద్దు, ఇంట్లో ఎవరినైనా పంపండి. సోమవారం గ్రీవెన్స్ జరుగుతుందో లేదో, కోడ్ ఉంది కాబట్టి నమ్మకండి. నోడల్ ఆఫీసర్ పేషీకే పోవాల, మ్యాన్‌పవర్‌కి ఎవరైతే ఉన్నారో వాళ్ళకి. బోర్డు కాగితం పైన మీ ఆర్డర్ నంబర్ పెద్దగా రాసి ఇవ్వండి. బోర్డు వాళ్ళు పేరు రాస్తారు గానీ ఆ నంబర్ రాయరు, నాకు తెలిసి మీది అక్కడే ఆగి ఉంటాది.

---

హంద్రీ_ఒడ్డు_సార్ · 7 మే, మధ్యాహ్నం 2:15

అదే! నా తమ్ముడు పోయినాడు. బోర్డు పంపిన లిస్టులో నా ఇంటిపేరు వేరేగా టైప్ అయ్యింది, కంప్యూటర్లో కలవలే, పక్కకి పెట్టేసినారంట. నంబర్ చూపిస్తే అప్పుడు దొరికింది. కొత్త ఆర్డర్ ఇచ్చినారు, 12న పొద్దున ఏడు నుంచి డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో మెటీరియల్ చెక్ చేసే కౌంటర్. ఓపీఓ నుంచి నా పేరు తీసేసినారు. పోస్టల్ బ్యాలెట్ కూడా వేసేసినా.

---

నల్లమల_గాలి · 7 మే, మధ్యాహ్నం 2:40

సంతోషం సార్. కానీ నేను ఇప్పటికీ అంటా, లీవ్ పెట్టి ఉంటే ఈ తిరుగుడు లేకుండా పోయేది.

---

డాక్టరమ్మ_కర్నూలు · 7 మే, రాత్రి 9:10

కౌంటర్ అంటే కూడా ఆ రోజు జనం ఒకటే తొక్కిసలాట. పొద్దున మందులు, అన్నం టైముకి తీసుకోండి, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. ఛాతీలో పట్టేసినట్టు అనిపిస్తే మొహమాటపడి కూచోవద్దు, సెంటర్లో మెడికల్ టీమ్ ఉంటారు, వెంటనే చెప్పండి.

---

హంద్రీ_ఒడ్డు_సార్ · 14 మే, మధ్యాహ్నం 12:30

12న కౌంటర్లో కూచున్నా, ఫ్యాన్ కింద. సీళ్ళు, దారం, లక్క, ఫారాలు అన్నీ లెక్క చూసి సంతకం చేయించడం. మధ్యాహ్నం మూడింటికి వదిలేసినారు.

మా ఇంటామె 12 పోయింది, ఈరోజు తెల్లారి నాలుగు దాటినాక వచ్చింది. వాళ్ళ బూతులో రాత్రి పొద్దుపోయేదాకా క్యూ ఉందంట. వచ్చీ రాంగానే "నీ స్టెంట్ నాకు వేసినా బాగుండు" అంది. పిల్లోడికి నేనే అన్నం వండినా, ఉప్పు ఎక్కువైంది.

కారందోశ అన్నా, నీ తాళాల సంగతి ఏమైంది?

---

కడప_కారందోశ · 14 మే, మధ్యాహ్నం 1:05

పేరుతో సహా రాసినాం, జవాబు రాలే. ఇద్దరమూ పోయినాం. 13న ఎట్లాగూ పోలింగ్ సెలవు కాబట్టి బ్రాంచి మూసే ఉంది, ముందురోజు ఆదివారం. మేము ఈ లెక్క అప్పుడు చూసుకుని ఉంటే అర్జీనే పెట్టేవాళ్ళం కాదు. ఈరోజు మాత్రం పొద్దున పదింటికి కండ్లు మూసుకపోతా తాళాలు తీసినాం.